ఒక్క నిమిషంలో క్రిస్మస్ కథ

ప్రశ్న: "సండే స్కూల్ పిల్లలకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఒక నిమిషం క్రిస్మస్ షార్ట్ చేయాలి. కథ ఎంతవరకు చెప్పాలి, పాట ఎక్కడ పెట్టాలి, క్యాప్షన్లు ఎలా?"

రెండేళ్లుగా మా సండే స్కూల్‌కి ఇవి నేనే చేస్తున్నానండి. మొదటి ఏడాది గాబ్రియేలు, గొల్లలు, జ్ఞానులు, హేరోదు అందర్నీ ఒక్క నిమిషంలో కుక్కేశాను. పిల్లలకి ఒంటెలు తప్ప ఇంకేమీ గుర్తులేదు.

రెండో ఏడాది లూకా 2వ అధ్యాయం మొదటి 20 వచనాలతోనే సరిపెట్టాను. జ్ఞానుల కథ మత్తయిలో ఉంది. అక్కడ వాళ్లు వచ్చింది ఒక ఇంటికి, పశువుల తొట్టి దగ్గరికి కాదు. ముగ్గురని కూడా లేదు, కానుకలే మూడు. వాళ్లకి వేరే షార్ట్ చేసుకోవచ్చు. గాడిద కూడా లూకాలో కనబడదు గానీ బొమ్మలో ఉంచేశాను, లేకపోతే పిల్లలు ఊరుకోరు.

"పొత్తిగుడ్డలు" అంటే మా పిల్లలకి తెలియలేదు, "గుడ్డల్లో చుట్టి" అని మార్చాను. "తొట్టి" మాత్రం మార్చలేదు. గేదెలు మేత తినే తొట్టి, అందులో గడ్డి, దానిమీద పాత చీర ముక్క దగ్గరగా చూపిస్తే చాలు, చెప్పకుండానే అర్థమైంది.

పాటకి 'సైలెంట్ నైట్' తీసుకున్నాను. 1818లో ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డోర్ఫ్‌లో మొదటిసారి గిటారుతో పాడిన పాట అది. అంత పాత రాగానికి కాపీరైట్ లేదు, కానీ ఈ కాలంలో ఎవరైనా పాడిన రికార్డింగ్‌కి ఉంటుంది. ఆ తేడా తెలియక మొదటి వీడియోకి క్లెయిమ్ పడింది. ఈసారి మా అమ్మ కూనిరాగం తీస్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను. పెట్టింది రెండే చోట్ల: బిడ్డని తొట్టిలో పడుకోబెట్టాక 6 సెకన్లు, గొల్లలు తిరిగి వెళ్లేటప్పుడు 8 సెకన్లు. అప్పుడు కథ చెప్పే గొంతు పూర్తిగా ఆగిపోవాలి. మాటల కింద పాట నడిపితే ఫోన్ స్పీకర్‌లో రెండూ సరిగా వినబడవు.

క్యాప్షన్లు విడి SRT ఫైల్‌గా రాసుకుంటే తప్పులు దిద్దుకోవడం తేలిక. తొట్టి సీన్ ఇలా రాశాను:

```
4
00:00:21,000 --> 00:00:25,000
సత్రంలో చోటు లేదు.
తొట్టే ఊయల అయింది.

5
00:00:25,000 --> 00:00:31,000
♪ (అమ్మ కూనిరాగం) ♪
```

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ UTF-8 ఉండాలి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. వరసల మధ్య ఖాళీ కూడా చూసుకోండి. పై వరసలో "బేత్లెహేము" ఉండి కింద "పుట్టిన" వస్తే, పైమాటలోని ల వత్తు కిందమాట గుడికి తగులుతుంది. ఫాంట్ మార్చినప్పుడల్లా నేను ఈ రెండు మాటలే పెట్టి చూస్తాను. క్యాప్షన్ అడుగున పెట్టకండి, అక్కడ యాప్ వాళ్ల టైటిలూ బటన్లూ కప్పేస్తాయి.