టేలర్, ఫేయోల్, వెబర్ కలిసిపోతుంటే తప్పు ఎక్కడుంది?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మా బిడ్డ ఎంకాం చేసి నెట్‌కు చదువుతోంది. మూడు నాలుగు లైన్ల వివరణ ఇచ్చి ఇది ఏ నిర్వహణ సిద్ధాంతమని అడిగితే చాలు, టేలర్, ఫేయోల్, వెబర్‌లను తారుమారు చేస్తోంది. తెలిసినవాళ్లంతా పిల్లల్ని హైదరాబాద్‌లో బిజినెస్ అనలిటిక్స్‌లో వేస్తున్నారు. మేమూ ఇది మాన్పించి అందులో చేర్పించాలా?

జవాబు: చదువు మాన్పించేంత తప్పు ఇక్కడ ఏమీ లేదు. ఈ మూడూ కలిసిపోవడం చాలామంది పిల్లల్లో కనిపించేదే. మీ అమ్మాయి బహుశా ఒక్క పదం పట్టుకుని జవాబు పెడుతోంది. 'పని విభజన' కనబడితే టేలర్, 'అధికార శ్రేణి' కనబడితే వెబర్ అనుకుంటోంది. కానీ పని విభజన ముగ్గురిలోనూ ఉంది. ఫేయోల్ చెప్పిన 14 సూత్రాల్లో మొదటిదే అది. అధికార శ్రేణి కూడా ఫేయోల్, వెబర్ ఇద్దరిలోనూ ఉంది. అందుకే పదాన్ని పక్కన పెట్టి రెండు సంగతులు చూడాలి: వివరణ ఎవరిని గమనిస్తోంది? 'ఇదే సరైన పద్ధతి' అనడానికి ఏ ఆధారం చూపిస్తోంది?

ఎనుమాముల మార్కెట్ యార్డునే తీసుకోండి. ఒక హమాలీ మిర్చి బస్తా ఎత్తి లారీలో వేసే ఒక్కో కదలికను స్టాప్‌వాచ్‌తో కొలిచారు, ఎంతసేపటికి విశ్రాంతి ఇవ్వాలో తేల్చారు, నిర్ణీత పని దాటిన వాడికి బస్తాకు ఎక్కువ రేటు ఇచ్చారు అని ఉంటే అది శాస్త్రీయ నిర్వహణ. ఇక్కడ చూపు పనివాడి చేతుల మీద ఉంది, ఆధారం కొలత. బెత్‌లెహెమ్ స్టీల్‌లో దుక్క ఇనుము మోసే మనిషి రోజుకు 12.5 టన్నుల నుంచి సుమారు 47 టన్నులకు చేరాడని, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85కు పెరిగిందని టేలర్ 1911లో రాసింది ఈ పద్ధతి గురించే.

అదే యార్డులో వివరణ మేనేజర్ కుర్చీ నుంచి మొత్తాన్ని చూస్తే, అంటే గేటు, కాంటా, నిల్వ, చెల్లింపులు అన్నీ ఎలా సమన్వయం చేయాలి, ఒక మనిషి ఒక్క అధికారి మాటే ఎందుకు వినాలి అని చెబితే అది ఫేయోల్ పరిపాలనా సిద్ధాంతం. మూడో వివరణలో కాంటా గుమస్తాను పరీక్ష పెట్టి తీసుకున్నారు, అతని విధులు రాసిపెట్టి ఉన్నాయి, ప్రతి తూకం ఫైల్లో చేరుతుంది, బంధువైన రైతుకూ అదే నియమం అని ఉంటే అది వెబర్ ఉద్యోగిస్వామ్యం. అతని మాట చెల్లేది మనిషిని బట్టి కాదు, పదవిని బట్టి.

పరీక్షలో ఎక్కువగా తడబడేది ఫేయోల్, వెబర్‌ల మధ్యే. దానికి గ్యాంగ్ ప్లాంక్ బాగా పనికొస్తుంది. తొందర పనిలో ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు, పై అధికారుల అనుమతితో, శ్రేణి చివరి వరకూ ఎక్కి దిగకుండా నేరుగా మాట్లాడుకోవచ్చని ఫేయోల్ అంటాడు. ఆయన సూత్రాలు సందర్భాన్ని బట్టి వంగుతాయి. వెబర్ నమూనాలో బలమంతా నియమం అందరికీ ఒకేలా వర్తించడంలో ఉంది. 'ఎంపిక' అన్న మాట దగ్గరా ఇదే తడబాటు. ఆ ఒక్క పనికి సరిపోయేవాడిని వెతికి శిక్షణ ఇస్తే టేలర్. అర్హత చూసి నియమించి, హోదా ప్రకారం స్థిర జీతం ఇస్తే వెబర్.

ఇంకొక ఉచ్చు ఉంది. ఒకే కార్మికుడిపై వేర్వేరు విషయాలకు వేర్వేరు ఫోర్‌మన్లు ఉన్నారని ఇస్తే జవాబు టేలర్. ఆయన ఎనిమిది మందిని చెప్పాడు. ఒక్కరి ఆదేశమే చాలన్న ఫేయోల్ దీన్ని ఒప్పుకోలేదు.

ఇక అనలిటిక్స్ సంగతి. ఇక్కడ మీ మీద కొంచెం కోపంగానే ఉంది. అమ్మాయికి ఏది ఇష్టమో మీ ప్రశ్నలో ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా తెలిసినవాళ్ల పిల్లల గురించే. ఆ పనికి స్టాటిస్టిక్స్, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ మీద గంటలకొద్దీ కూర్చునే ఓపిక కావాలి. తక్కువ నెలల్లో అన్నీ నేర్పిస్తామనే కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. సాఫ్ట్‌వేర్ బటన్లు చూపించి, సగటుకీ మధ్యగతానికీ తేడా ఎప్పుడు ముఖ్యమో చెప్పకుండా వదిలేసే చోట చేరిన పిల్లలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. అడ్వాన్సు కట్టేముందు పాఠ్యాంశాల జాబితా అడగండి, ప్రాజెక్టుకు నిజమైన డేటా ఇస్తారా, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. అంతకన్నా ముందు ఒక నెల ఇంట్లోనే ఎక్సెల్‌లో ఏదైనా దుకాణం అమ్మకాల లెక్కలు వేయనివ్వండి. ఇష్టమో కాదో ఆమెకే తెలుస్తుంది.

ఆ నెలలోనే నెట్ పాత ప్రశ్నల్లో తప్పు పోయినవి ఏరి, సిద్ధాంతాన్ని పట్టించే పదాన్ని కొట్టేసి, మిగిలిన వాక్యంతోనే జవాబు గుర్తించమనండి. పక్కన ఎందుకో ఒక్క లైను రాయాలి. మీరు మార్కులు అడగకండి, ఆ లైను చదవండి. 'కొలత', 'మేనేజర్ చూపు', 'రాసిన నియమం' వీటిలో ఒకటి అందులో తేలుతుంటే తారుమారు ఆగుతున్నట్టే.