వాడేం చేశాడో రాయి, చాలు

శ్రీకాకుళం,
కార్తీక మాసం

తమ్ముడూ,

నువ్వు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. అమ్మ పోయిన ఆరు నెలలకి, ఆ రోజుల్లో నిన్ను వదలకుండా ఉన్న స్నేహితుడికి రాసుకున్న ఉత్తరం. నాలుగు పేజీలుంది. 'కృతజ్ఞత' ఐదుచోట్ల, 'రుణం' మూడుచోట్ల, 'వెన్నంటి' రెండుచోట్ల ఉన్నాయి. వాడేం చేశాడన్నది మాత్రం ఒక్కచోటా లేదు. వాడి పేరు తీసేసి మరొకడి పేరు పెడితే వాడికీ సరిపోతుంది. ముందు సరిచెయ్యాల్సింది అదే.

మన భాషలో దగ్గరివాడికి 'కృతజ్ఞతలు' అంటే వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టినట్టు ఉంటుంది. సభలో వందన సమర్పణ చేసేవాడి మాట అది. 'రుణం తీర్చుకోలేను' ఇంకా ఇబ్బంది. వాడు అప్పు ఇచ్చాననుకోలేదు, నువ్వు పద్దు తెరిచావు. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో కూర్చుని చెబుతున్నాను, మాట్లాడేటప్పుడు నోటికి రాని మాట కలానికి ఎందుకొస్తోందో ఒకసారి చూసుకో. మీ విజయనగరంలో ఎవరైనా స్నేహితుడి ముఖాన 'నీకు సర్వదా కృతజ్ఞుణ్ణి' అంటారా? 'నువ్వు లేకపోతే ఏటైపోదునో' అంటారు. ఉత్తరంలో కూడా ఆ మాటే ఒక్కసారి రాయి. అదీ మొదట్లో కాదు. వాడు చేసిన పనులన్నీ వచ్చాక రాస్తేనే దానికి బరువు.

మరి కృతజ్ఞత ఎక్కడ పెట్టాలంటావా? క్రియలో పెట్టాలి. 'కాగితం తెచ్చావు' అంటే తెచ్చాడని మాత్రమే తెలుస్తుంది. 'తెచ్చిపెట్టావు' అన్నావనుకో, నీకోసం తెచ్చాడనీ, ఆ పని నీ చేత కాని వేళ చేశాడనీ కూడా తెలిసిపోతుంది. ఆ 'పెట్టు'లో ఉన్నంత మన్నన 'ధన్యవాదాల'లో లేదు. అయితే ఉత్తరం మొత్తంలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు వాడు. ప్రతి వాక్యం చివరా చేసిపెట్టావు, కట్టిపెట్టావు అంటూ పోతే పనివాడి జీతం లెక్క చదివినట్టుంటుంది.

రెండోది 'ట'. ఆరు నెలలు ఆగి రాయడంలో ఉన్న లాభమంతా ఈ ఒక్క అక్షరంలో ఉంది. దుఃఖంలో ఉన్నవాడికి ఆ పది పన్నెండు రోజులు ముక్కలు ముక్కలుగానే గుర్తుంటాయి. ఎవరు వచ్చారో, ఎవరు తినిపించారో సగం తెలీదు. అప్పుడే రాస్తే కనపడినదే రాస్తావు. నెలలు గడిచేకొద్దీ పక్కింటి పిన్ని ఒక మాట, పాలబ్బాయి ఒక మాట, అప్ప ఒక మాట చెప్తారు. 'తిరిగావట', 'నిలబడ్డావట' అని రాస్తే, అప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు తెలిసింది అని వేరే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఎవరు చెప్పారో ముందు రాయి. అది లేకుండా 'చాలా కష్టపడ్డావట' అని ఊరికే వదిలేస్తే వెటకారంలా వినపడుతుంది. 'అప్ప చెప్పింది' అన్నాక 'ట' వస్తే ఆ అనుమానానికి చోటుండదు.

ఇక ఏ పనులు రాయాలి? ఫోన్లో అడిగితే పధ్నాలుగు చెప్పావు. పధ్నాలుగూ రాస్తే అది జాబితా, ఉత్తరం కాదు. మూడు చాలు. ఒకటి, నువ్వు చూడనిది, మరొకరి నోట విన్నది. రెండోది, వాడు నీకు తెలియకూడదనుకున్నది. మూడోది, కర్మలైపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక చేసినది. ఈ మూడోది తప్పకుండా ఉండాలి. పదకొండో రోజు దాకా ఇంటినిండా మనుషులుంటారు, ఆ గుంపులో వాడూ ఒకడు. ఇల్లు ఖాళీ అయ్యాక వచ్చినవాడు ఒక్కడే.

పాడె మోయడం, రాత్రుళ్ళు వరండాలో పడుకోవడం తీసెయ్యి. అవి చిన్నవని కాదు. అందరూ చూసినవి, అందరూ వాడితో ఈపాటికి అనేసినవి. ఖర్చులకి వాడు సర్దిన డబ్బు కూడా రాయకు. అది విడిగా, వేరే రోజున ఇచ్చెయ్యి. ఉత్తరంలో అంకె కనపడితే మిగతా పనులక్కూడా వెల కట్టినట్టవుతుంది. 'సొంత చుట్టాలే రాలేదు, నువ్వొచ్చావు' అన్న పేరా కూడా కొట్టేశాను. వాణ్ణి మెచ్చుకోవడానికి మీ మావయ్యని తిట్టావు. ఆ ఉత్తరం వాళ్ళింట్లో నలుగురూ చదువుతారు, ఆ మాట వారం తిరక్కుండా మీ మావయ్య చెవిన పడుతుంది. ఆ తగువులో వాడు సాక్షి అవుతాడు.

చివరి పేజీలో ఇంకో వాక్యం ఉంది: 'రేపు నీకూ ఇలాంటి కష్టమొస్తే నేనుంటాను.' మంచి మనసుతోనే రాశావు. కానీ వాళ్ళమ్మగారు చదివితే ఏమనుకుంటారు? ఎవరికి కష్టం రావాలని? మనవైపు పెద్దవాళ్ళు అలాంటి మాట నోటంట రానివ్వరు. మాట ఇవ్వాలనిపిస్తే శుభకార్యానికి ఇవ్వు. వాళ్ళ చెల్లి పెళ్ళి ఉందన్నావు కదా, అందులో ఒక పని పేరుపెట్టి తీసుకో. 'ఏ సాయమైనా చేస్తాను' అనకు. అలా అంటే ఏ పని అడగాలో వాడే ఆలోచించుకోవాలి. ఏడాది తిరక్కుండా పెళ్ళిపనుల్లో చెయ్యి పెట్టకూడదని చాలా ఇళ్ళల్లో పట్టింపు. అమ్మ పోయింది వైశాఖంలో, పెళ్ళి జ్యేష్ఠంలో అంటున్నావు. అప్పటికి సంవత్సరీకం అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

నువ్వు చెప్పిన వాటితోనే ఒకటి కూర్చి చూశాను. ఇలాగే రాయమని కాదు, కొలత కోసం.

'ఒరే,

ఆ వారం నాకు సగమే గుర్తుంది. మిగతా సగం ఒక్కొక్కరు చెప్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.

అప్ప చెప్పింది. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో వీధివాళ్ళు తెచ్చిన గిన్నెలన్నీ నువ్వే తోమి, మీద చెక్కిన పేర్లు చూసి ఎవరివి వాళ్ళకి చేర్చావట. ఒక క్యారేజీ మీద పేరు ఎవరిదో తెలీక నాలుగు గుమ్మాలు ఎక్కి దిగావట. చివరికి అది ఎదురింటి కోడలి పుట్టింటివాళ్ళ పేరట.

మునిసిపాలిటీ సర్టిఫికెట్ నువ్వు నా చేతికిచ్చిన రోజు గుర్తుంది. అంతకుముందు ఇచ్చినదాంట్లో అమ్మ పేరు తప్పు పడిందని నాకు చెప్పలేదు. మళ్ళీ వెళ్ళి దిద్దించి తెచ్చిపెట్టావు. ఆ తప్పు కాగితం మొన్న ఫైల్లో అడుగున దొరికింది.

సిరిమాను రోజు మాకు పండగ లేదు. నువ్వు కోట దగ్గరికి పోకుండా మా అరుగు మీద కూర్చున్నావు. మూడోసారి తిరుగుతోందని వీధిలో కేకలు వినపడినా లేవలేదు. నేనేమీ అనలేదు గానీ చూశాను.

నువ్వు లేకపోతే ఏటైపోదునో.

చెల్లి పెళ్ళిలో వడ్డన నాది. విస్తళ్ళు ఎన్ని కావాలో, ఎన్ని బంతులో నేను చూసుకుంటాను. ఆ లెక్క నువ్వు పెట్టుకోకు.'

ఇంతే. చేతిరాతలో ఒక పేజీ దాటదు. ఇందులో నీ ఏడుపు ఎక్కడా లేదు, గమనించావా? నీ ముసాయిదాలో మొదటి రెండు పేజీలూ అమ్మ ఆఖరి రోజుల గురించే. అవి మంచి పేజీలు, దాచుకో, మరొకచోట పనికొస్తాయి. ఈ ఉత్తరంలో అవి ఉంటే చదివేవాడు మళ్ళీ నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని వాడు ఒకసారి చేశాడు.

సిరిమాను పేరాలో 'త్యాగం' అన్న మాట పెట్టాలని నీకు చెయ్యి దురద పుడుతుంది, పెట్టకు. పైడితల్లి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుందని, దానికోసం ఊళ్ళకి ఊళ్ళే కదిలొస్తాయని ఆ ఊళ్ళో పుట్టినవాడికి నువ్వు చెప్పాలా? 'మూడోసారి' అన్నావంటే చాలు, ఎంతసేపు కూర్చున్నాడో, ఏం వదులుకున్నాడో వాడికి తెలుసు. 'చూశాను' దగ్గర కూడా ఆగిపో. ఎలా చూశావో, ఏమనిపించిందో రాస్తే ఆ వాక్యం పల్చబడుతుంది. ఇది సిగ్గుపడే మనిషికి రాసే ఉత్తరం. ఆ రోజు అరుగు మీద వాడూ ఏమీ అనలేదు కదా.

రాశాక ఒక పరీక్ష పెట్టు. 'నేను', 'నాకు' అన్నవి ఎన్ని, 'నువ్వు' అన్నవి ఎన్ని? నీ ముసాయిదాలో నేనులే రెట్టింపు కన్నా ఎక్కువ. తెలుగులో క్రియ చివర 'వు' ఉంటే 'నువ్వు' రాయకపోయినా వాడు కనపడతాడు, కాబట్టి ఆ 'వు'లు కూడా లెక్కపెట్టు. పైన రాసిన దాంట్లో వాడు చేసిన పనులే ముందుండి, నువ్వు విన్నవాడివిగా, చూసినవాడివిగా పక్కకి జరిగావు.

వాట్సాప్‌లో పంపకు. నీలం టిక్కులు పడగానే వాడేదో ఒకటి అనాలి, దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. చేతికీ ఇవ్వకు, నీ ఎదురుగా విప్పి ఏం ముఖం పెట్టాలో తెలీక 'ఏట్రా ఇది' అంటాడు. 5 రూపాయల కవరులో పెట్టి పోస్టు చెయ్యి. మామూలు కాగితం ఒకటో రెండో ఉంటే 20 గ్రాములు దాటదు, అదనపు స్టాంపు అక్కర్లేదు. వాడి ఊరు ఎంత దగ్గరైనా సరే పోస్టులోనే పంపు.

అందే రోజు కూడా చూసుకోవాలి. చావు కబురు తెచ్చిన కార్డు చదివిన వెంటనే చింపేసే అలవాటున్న ఇళ్ళు మనవి. ఇది చావు కబురు కాదు, కానీ మొదటి వరసలోనే 'అమ్మ పోయిన' అని కనపడితే వాళ్ళ నాన్నమ్మ ఆ చూపుతోనే చూస్తుంది, దాచుకోనివ్వదు. అందుకే పైన ఆ మాట లేకుండానే 'ఆ వారం' అని మొదలుపెట్టాను. పండగపూట, వాళ్ళింట్లో పసుపు దంచే వారంలో అందకుండా చూడు. కార్తీకంలో పంపితే మంచిదే.

పంపాక 'అందిందా' అని అడగొద్దు. వాడు ఆ ఊసెత్తకుండా పెళ్ళి వడ్డన గురించి మాట్లాడితే, అదే జవాబు.

అన్నట్టు, ఆ క్యారేజీ ఎదురింటిదో, సందు చివరింటిదో మీ అప్పని మళ్ళీ అడుగు. నాకు ఒకసారి ఎదురిల్లన్నావు, ఒకసారి సందు చివరిల్లన్నావు. మెట్లెక్కి దిగినవాడు వాడు. తప్పు రాస్తే పట్టేస్తాడు.

మీ అన్నయ్య