అమ్మింది 1050, బ్యాంకులో పడింది 808: ఏది రాయాలి?

"ఆన్‌లైన్‌లో చీర 1050కి అమ్మాను, వారం తర్వాత 808 పడింది. లెక్కల్లో అమ్మకం ఎంత చూపాలి?"

808 కాదండీ. జీఎస్టీ 5 శాతం కలిపి 1050 కాబట్టి మీ అమ్మకం 1000, ఆ 50 ప్రభుత్వానిది. ఇన్‌వాయిస్ వేసిన రోజే ఈ రెండూ రాసి, ఎదురుగా ప్లాట్‌ఫాం నుంచి రావాల్సిన బాకీ 1050 అని పెట్టండి. మార్చి చివర్లో అమ్మితే, డబ్బు ఏప్రిల్‌లో పడినా సరే, అమ్మకం మార్చిదే.

డబ్బు పడ్డాక సెటిల్‌మెంట్ రిపోర్ట్ తెరిచి ఆ 1050ని విడగొట్టాలి. ఉదాహరణకి బ్యాంకు 808, కమీషన్, షిప్పింగ్ ఫీజులు 200, వాటి మీద 18 శాతం జీఎస్టీ 36, ప్లాట్‌ఫాం జీఎస్టీ కింద ముందే పట్టుకునే టీసీఎస్ 1000 మీద 0.5 శాతం అంటే 5, ఆదాయపు పన్ను కింద పట్టుకునే టీడీఎస్ 0.1 శాతం అంటే 1. మొత్తం 1050, బాకీ సున్నా.

ఇందులో నిజంగా ఖర్చు 200 మాత్రమే. ప్లాట్‌ఫాం ఇన్‌వాయిస్‌లో మీ జీఎస్టీ నంబర్ ఉంటే, అది మీకు రావాల్సిన క్రెడిట్లు చూపే జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తే 36 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. టీసీఎస్ 5ని మీరే జీఎస్టీ పోర్టల్లోకి వెళ్లి అంగీకరించాలి, అప్పుడే క్యాష్ లెడ్జర్‌లోకి చేరుతుంది, చాలామంది ఇక్కడే వదిలేసుకుంటారు. టీడీఎస్ మీ పేరున జమైన ఆదాయపు పన్ను చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఐటీ రిటర్న్‌లో తీసుకోండి.

808నే అమ్మకంగా రాస్తే ప్లాట్‌ఫాం తన జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-8లో చూపిన 1000తో మీ రిటర్న్ కలవదు, నోటీసు రావచ్చు. సెటిల్‌మెంట్ అయ్యాక కూడా బాకీ ఖాతాలో ఏదైనా మిగిలితే ముందు కస్టమర్లు వెనక్కి పంపిన ఆర్డర్లు చూడండి, చీర వెనక్కి వచ్చినా షిప్పింగ్ ఫీజు పట్టుకుని ఉంటారు.