గుడ్ మార్నింగ్ మెసేజ్ కన్నా ముందు షిఫ్ట్ టైమింగ్ చూడండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో, మా ఆయన చెన్నైలో. రోజూ గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ చెప్పుకుంటాం కానీ ఈమధ్య అది హాజరు వేసినట్టు అయిపోయింది. బోర్ కొట్టకుండా ఎలా?

మా ఆవిడ పుణెలో, నేను కూకట్‌పల్లిలో, మూడేళ్లుగా ఇదే బతుకు. అమెరికా కంపెనీకి నైట్ షిఫ్ట్ సపోర్ట్ నా పని. చలికాలంలో తెల్లారి నాలుగున్నరకి షిఫ్ట్ అయిపోతుంది, క్యాబ్ దిగేసరికి ఐదుంపావు, ఆమె కంపెనీ బస్సు కోసం ఐదున్నరకి లేస్తుంది. అంటే నా గుడ్ నైట్, ఆమె గుడ్ మార్నింగ్ ఒకే కాల్‌లో అయిపోయేవి. మేమేదో గొప్ప జంట అనుకునేవాళ్లం, నిజానికి అది షిఫ్ట్ పుణ్యం.

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం గంట ముందుకి జరుపుతారు. మన దగ్గర గడియారం మారదు, మన షిఫ్టే గంట ముందుకొస్తుంది. అప్పట్నుంచి నేను నాలుగుంపావుకే ఇల్లు చేరి, ఆమె లేచేదాకా కూర్చోలేక పడి నిద్రపోయేవాణ్ణి. "ఇదివరకు రోజూ చేసేవాడివి, ఇప్పుడేమైంది" అని లొల్లి. ప్రేమ తగ్గిందా అని వారం రోజులు చర్చ పెట్టుకున్నాం గానీ టైం మారిందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడు నేనో తెలివైన పని చేశా. టెలిగ్రామ్‌లో మెసేజ్ టైప్ చేసి పంపే బటన్ నొక్కి పట్టుకుంటే టైం పెట్టుకోవచ్చు కదా, ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఐదు గుడ్ మార్నింగ్‌లు రాసి ఐదున్నరకి పెట్టేశా. నాలుగు రోజులు ఆమె మస్తు ఖుష్. శుక్రవారం ఆమె సెలవు పెట్టి, నాకు చెప్పకుండా గురువారం సాయంత్రం పుణెలో బస్సెక్కి తెల్లారేసరికి మా ఫ్లాట్ ముందు దిగింది. రూమ్మేట్ తలుపు తీశాడు. ఆమె బ్యాగు భుజాన వేసుకుని నా మంచం పక్కన నిలబడింది, నేను గురక, సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ టింగ్‌మంది: "లేచావా బంగారం? నీ గురించే ఆలోచిస్తూ నిద్ర పట్టలేదు." రూమ్మేట్ "అన్నా లెవ్వు, వదిన వచ్చింది" అని నన్ను కుదిపితే కళ్లు తెరిచా, ఎదురుగా ఫోన్ స్క్రీన్. "నిద్ర పట్టలేదటగా?" అంది. ఆ రూమ్మేట్ ఇప్పటికీ ఎక్కడ కలిసినా అదే అడుగుతాడు.

ఆరోజు టీ తాగుతూ ఒకటి తేల్చుకున్నాం, ఇక పొద్దున గుడ్ మార్నింగ్ అన్న మాటే వద్దు. క్యాబ్ దిగి ఇంటికి నడిచే దారిలో కనపడిన ఒక్క విషయం వాయిస్ నోట్‌లో చెప్పాలి, అర నిమిషం చాలు. ఫుట్‌పాత్ మీద పేపర్లు పరిచి మధ్యలో పాంప్లెట్లు పెట్టే పిల్లలు, పాల ట్రేలు దించేవాడు తెల్లారగట్లే ఫోన్లో ఎవర్నో తిడుతుండటం, ఇలాంటివి. నేను పడుకున్నాక ఆమె లేచి వింటుంది, బస్సులోంచి తను ఒకటి పంపుతుంది, నేను మధ్యాహ్నం లేచి వింటా. ఇద్దరం ఒకే టైంకి మేలుకోవాల్సిన పనే లేదు. చెప్పడానికి ఏం లేకపోతే ఒక చుక్క పెట్టి ఊరుకోవాలి, చుక్క వచ్చిందంటే ఇల్లు చేరినట్టు, దాని మీద అనుమానాలు పడకూడదు.

రాత్రి పది గంటలకి నా భోజనం బ్రేక్, ఆమె పడుకునే టైం. అప్పుడు కాల్ ఐదు నిమిషాలే. "తిన్నావా" అనే ప్రశ్న రద్దు చేశాం, దానికి "తిన్నా" తప్ప ఇంకో జవాబు లేదు, ఆ తర్వాత ఇద్దరూ మౌనం. బదులుగా రేపు చేయబోయే పనుల్లో నచ్చనిది ఒకటి చెప్పాలి. "రేపు మేనేజర్‌తో రివ్యూ ఉంది" అని ఆమె అంటే మర్నాడు నేను అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా. కొట్లాట మాత్రం ఆ ఐదు నిమిషాల్లో పెట్టుకోం, సగంలో బ్రేక్ అయిపోతే నేను రాత్రంతా టికెట్లు తప్పుగా మూస్తా, ఒకసారి అదీ అయింది. దానికి శనివారం ఉంది.

ఇక ఉదయించే సూర్యుడు, గులాబీ, కింద సూక్తి ఉన్న బొమ్మలు దయచేసి వద్దు. మా పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో రోజూ అవే పెడతారు, మొగుడు కూడా అవే పంపితే ఇద్దరికీ తేడా ఏముంది?

మీ విషయంలోనూ, మీ ఆయన టైమింగ్స్ ఈమధ్య ఏమైనా మారాయేమో ముందు చూడండి. దూరంగా ఉండేవాళ్ల గుడ్ మార్నింగ్ గొడవల్లో సగం షిఫ్ట్ గొడవలే, కావాలంటే రాసిస్తా. ఇంకోటి, వాట్సాప్‌లో బ్లూ టిక్స్ ఆఫ్ చేసినా వాయిస్ నోట్ వింటే మైక్ బొమ్మ నీలం అవుతుంది, కాబట్టి "విన్లేదు" అని అబద్ధం చెప్పకండి, నేను దొరికిపోయా.

ఇవాళ పొద్దున పంపిన ఇడ్లీ బండి ముచ్చట మైక్ ఇంకా నీలం కాలేదు. ఆమెకి ఈరోజు సెలవు, పడుకునుంటుంది.