పిరుదు ఇంజెక్షన్ తర్వాత పాదం లేవట్లేదు.. అమ్మకు ఇంజెక్షన్ నేను ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నకి 64 ఏళ్లు, బాగా బక్కగా ఉంటారు. నడుం నొప్పి అంటే ఊళ్లో ఆర్ఎంపీ పిరుదుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇస్తుండగానే కాలంతా కరెంటు కొట్టినట్టయిందని అరిచారు. 12 రోజులైంది, కుడి పాదం పైకి లేవట్లేదు, చెప్పు జారిపోతోంది. నయమవుతుందా? అమ్మకేమో షుగర్, లావుగా ఉంటుంది, ఇన్సులిన్ వేసుకుంటుంది. బి12 తక్కువుందని వారానికో ఇంజెక్షన్ రాశారు. పెళ్లికి ముందు ఏఎన్ఎం ట్రైనింగ్ చేశాను, నేనే ఇద్దామంటే ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

డాక్టర్ సలహా: అమ్మా, ముందు నాన్నగారి సంగతి చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి సూదో, మందో సయాటిక్ నరానికి తగిలి ఉంటుంది. ఇది నడుం నుంచి పిరుదు కింద భాగం మీదుగా కాల్లోకి దిగే నరం, మన బొటనవేలంత లావుంటుంది. అందులో రెండు పాయలు కలిసి నడుస్తాయి. బయటివైపు పాయకు దెబ్బ తగిలితే పాదాన్ని పైకి ఎత్తే కండలు పనిచేయవు, దాన్నే ఫుట్ డ్రాప్ అంటాం. పిరుదు ఇంజెక్షన్లలో ఎక్కువగా దెబ్బతినేది ఈ పాయే.

అయినా ఇంజెక్షన్ వల్లే అని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. ఆయనకు ముందే నడుం నొప్పి ఉంది కదా, వెన్నులో డిస్క్ జారి నరాన్ని నొక్కినా పాదం ఇలాగే వాలిపోతుంది. ఇంజెక్షన్ ఇస్తుండగానే షాక్ కొట్టిందంటున్నారు కాబట్టి అనుమానం సూది మీదకే వెళ్తుంది, కానీ తేల్చేది పరీక్షే. ఈ వారమే న్యూరాలజిస్ట్‌కి చూపించండి. నరాల పరీక్ష (ఎన్‌సీఎస్, ఈఎంజీ) మాత్రం దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకు చేస్తేనే పూర్తి చిత్రం కనిపిస్తుంది, ఇప్పుడే చేస్తే సగం సంగతి బయటపడదు. అందులో నడుం కండల్లో కూడా చిన్న సూది పెట్టి చూస్తారు, అక్కడ మార్పులుంటే తప్పు వెన్నులో, లేకపోతే కింద నరంలో. ఈలోపు మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా పరీక్ష డేట్ కోసం చూడకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

నయమవుతుందా అంటే, నరం ఎంత దెబ్బతిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైపొర మాత్రమే చెడితే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు పాదం లేస్తుంది. లోపలి తీగలు తెగితే అవి మళ్లీ పెరగాలి, ఆ పెరుగుదల రోజుకు ఇంచుమించు 1 మి.మీ. పిరుదు నుంచి మోకాలి కింద ఆ కండ దాకా 45 సెం.మీ. అనుకుందాం, అంటే 450 రోజులు, దాదాపు 15 నెలలు. అలాగని 15 నెలలు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసినప్పుడు కోలుకునే జాడ ఏమీ లేకపోతే నరాల సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి, ఆలస్యమైతే కండ ఎండిపోయి నరం చేరినా లాభం ఉండదు. ఈ రోజు నుంచే చేయాల్సినవి రెండున్నాయి. పాదం వాలకుండా పట్టే స్ప్లింట్ (ఏఎఫ్‌వో అని అడగండి), రోజూ ఫిజియోథెరపీ. లేకపోతే మడమ వెనక కండ బిగుసుకుపోయి, నరం బాగుపడినా పాదం లేవదు. పాదం మీద స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలితే ఆయనకు తెలియదు. ఇంజెక్షన్ ఇచ్చిన చోట చర్మం కూడా ఒకసారి చూడండి. డైక్లోఫెనాక్‌తో అరుదుగా అక్కడి చర్మం తెల్లబడి, తర్వాత నీలం మచ్చలు వేసి, నల్లగా చచ్చిపోతుంది. అలా కనిపిస్తే సర్జన్‌కి చూపించాలి.

అసలు తప్పెక్కడ జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే మీ భయానికి మందు అందులోనే ఉంది. 'పిరుదును నాలుగు భాగాలు చేసి పైన, బయటివైపు ఇవ్వాలి' అని మీకూ నేర్పి ఉంటారు. మాట సరైనదే. కానీ పిరుదు అంటే ఎక్కణ్నించి ఎక్కడి దాకా? చాలామంది కంటికి కనిపించే మెత్తటి గుండ్రటి భాగాన్నే పిరుదు అనుకుని దాన్ని నాలుగు చేస్తారు. నిజానికి లెక్క నడుం మీద చెయ్యి ఆనించుకుంటే తగిలే ఎముక గట్టు నుంచి మొదలవ్వాలి. మెత్తటి భాగంలో 'పై బయటి మూల' అనుకున్నది ఆ లెక్కలో ఇంచుమించు మధ్యకు వస్తుంది, అంటే నరానికి దగ్గరగా. బక్కగా ఉన్న మనిషికి పైన కొవ్వూ కండా తక్కువ కాబట్టి నరం ఇంకా పైకే ఉంటుంది. పైగా నిలబెట్టి, ప్యాంటు కొంచెం కిందికి లాగి గబుక్కున పొడిచేస్తారు, ఎముకలు చేతికి తగిలే అవకాశమే ఉండదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలాగే కంటి అంచనాతో సిరంజి ఎత్తితే, వార్డులో ఒక పెద్ద సిస్టర్ నా చేతి మీద ఒక్కటిచ్చి 'ముందు ఎముక ఎక్కడుందో చూపించు' అన్నారు. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే అమ్మకు పిరుదు వెనక వైపు వద్దు, తుంటి పక్కన ఇవ్వండి. అక్కడ పెద్ద నరంగానీ పెద్ద రక్తనాళంగానీ ఉండదు, కండ మందంగా ఉంటుంది, లావు మనుషుల్లో కూడా వెనక కంటే కొవ్వు తక్కువ. చోటు ఇలా వెతకాలి. ఆవిడను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పైనున్న కుడి మోకాలు కొంచెం మడిస్తే కండ వదులవుతుంది. కుడి తుంటికి మీ ఎడమ చెయ్యి వాడాలి, ఎడమ తుంటికైతే కుడి చెయ్యి. తొడ పైభాగంలో బయటకు పొడుచుకొచ్చిన ఎముక గుబ్బ మీద అరచేయి మడమ ఆనించండి, బొటనవేలు గజ్జ వైపు ఉండాలి. చూపుడువేలిని పొట్ట వైపున్న తుంటి ఎముక మొన మీద పెట్టి, మధ్యవేలిని ఎముక గట్టు వెంట వీలైనంత వెనక్కి చాపండి. రెండు వేళ్ల మధ్య పడిన ఆ సందులో మధ్యనే ఇవ్వాలి. లావుగా ఉన్నవాళ్లలో ఎముకలు వెంటనే తగలవు, గట్టిగా నొక్కి వెతకండి, కాలు కదిలించమంటే గుబ్బ చేతి కింద తిరుగుతూ దొరుకుతుంది. దొరకలేదా, ఆ రోజుకు ఇవ్వొద్దు. తొడ బయటి పక్క, మోకాలికీ తుంటికీ నడుమ ఉన్న మధ్య భాగం కూడా మంచి చోటే, కాకపోతే కాస్త ఎక్కువ నొప్పిగా ఉంటుంది. చేతికి మాత్రం 1 మి.లీ. మించిన మందు ఇవ్వకపోవడం మంచిది, అదీ భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద మాత్రమే.

సూది విషయానికొస్తే, మెడికల్ షాపులో 2 మి.లీ. సిరంజితో ఎక్కువగా వచ్చేది ఒక అంగుళం సూది, ప్యాకెట్ మీద 0.55 × 25 మి.మీ. అని ఉంటుంది. నాన్నగారిలాంటి మనిషికి అది చాలు. అమ్మకు అది కొవ్వులోనే ఆగిపోవచ్చు, అప్పుడు మందు సరిగా పీల్చుకోక గడ్డ కడుతుంది. ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. పొడవున్న 22 గేజ్ సూది విడిగా అడిగి తీసుకోండి. గేజ్ అంకె సూది లావును చెప్తుంది, పొడవును కాదు, షాపులో ఈ రెండూ కలిపేసి ఇస్తారు జాగ్రత్త. ఆంపుల్ నుంచి ఒక సూదితో మందు లాగి, ఇవ్వడానికి కొత్తది మార్చండి, మొన మీద మందు లేకపోతే మంట తక్కువ. స్పిరిట్ తుడిచాక ఆరేదాకా ఆగి, చర్మాన్ని ఒక పక్కకు లాగి పట్టుకుని, నిటారుగా 90 డిగ్రీల్లో ఒక్క కదలికతో దించండి. పిస్టన్ కొంచెం వెనక్కి లాగి చూడండి, రక్తం వస్తే తీసేసి కొత్త సూది, కొత్త మందుతో మళ్లీ మొదలుపెట్టాలి. చేతికిచ్చే టీకాలకు ఇలా లాగి చూడాల్సిన పని లేదంటారు, నిజమే, కానీ తుంటి దగ్గర నేనైతే లాగే చూస్తాను. మందు మెల్లగా ఎక్కించండి, 1 మి.లీ.కి 10 సెకన్లు. తీశాక సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసేయండి.

ఇస్తున్నప్పుడు అమ్మ 'మంట' అంటే అది మామూలే. 'కాల్లోకి జివ్వున లాగింది, వేళ్లు తిమ్మిరెక్కాయి' అంటే మాత్రం అక్కడితో ఆపేయాలి, ఒక్క చుక్క కూడా ఎక్కించకుండా సూది బయటకు తీయాలి. నరానికి సూది గుచ్చుకోవడం కంటే అక్కడ దిగిన మందు ఎక్కువ నష్టం చేస్తుంది. నాన్నగారు అరిచిన క్షణంలో చేయి ఆగి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

ఇన్సులిన్‌కు ఇదంతా తలకిందులు. అది కండలోకి వెళ్లకూడదు, వెళ్తే గబగబా రక్తంలో కలిసి షుగర్ ఒక్కసారి పడిపోతుంది. చర్మం మందం లావువాళ్లకీ బక్కవాళ్లకీ దాదాపు ఒకటే, 2 నుంచి 2.5 మి.మీ., కాబట్టి పెన్ అయితే 4 మి.మీ. సూది నిటారుగా గుచ్చితే ఆవిడకు సరిపోతుంది. సిరంజి సూది పొడవెక్కువ కనుక చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టుకుని ఇవ్వాలి. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల దూరం వదిలి, రోజూ ఒక వేలు పక్కకు జరుపుతూ ఉండండి, గడ్డలు కట్టిన చోట వేయొద్దు.

ఇంకో మాట, రాసిన డాక్టర్‌ను అడగండి: బి12 మాత్రలతో కుదరదా అని. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే, అలాంటి చాలామందికి రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర పనిచేస్తుంది. తిమ్మిర్లు, నడకలో తూలడం ఉంటే ఇంజెక్షనే మేలు. అలాగైతే మొదటి రెండు ఇంజెక్షన్లు మీ పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు పక్కన ఉండగా మీరే ఇవ్వండి. వేళ్లు సరైన చోట పెట్టారో లేదో సూది దించకముందే ఆవిడ చూసి చెప్తారు.