వేరుశనగ పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌ను చైనీస్‌లోకి ఎలా మార్చాలి?

ప్రశ్న: అనంతపురంలో శనక్కాయ పంట మీద పరిశోధన చేస్తున్నా. ఇంగ్లీషు అబ్‌స్ట్రాక్ట్‌లో అన్నీ కర్మణి వాక్యాలే. చైనీస్‌లో ఎలా పెట్టాలి?

ప్రతి కర్మణి వాక్యానికీ 'బెయ్' తగిలించొద్దండి. వరుసగా నాలుగు వాక్యాల్లో అది కనిపిస్తే చదివేవాళ్లకు అనువాదమని ఇట్టే తెలిసిపోతుంది. 'మూడు రకాలు పరీక్షించబడ్డాయి' అన్నచోట కర్త లేకుండానే 'మూడు రకాలను పరీక్షించి' అని రాసి, అదే వాక్యంలో ఫలితంలోకి వెళ్లిపోవచ్చు. చైనీస్‌లో అది సహజమే.

నాకు ఎక్కువ భయం 'దిగుబడి తగ్గవచ్చు' దగ్గర. అక్కడ 'ఖనంగ్' వదిలేస్తే అది 'తగ్గుతుంది' అయిపోతుంది, మీరు చెప్పని మాట మీ పేరు మీద అచ్చవుతుంది. అలాగే 'ఫలితాలు సూచిస్తున్నాయి' అన్నదానికి చాలామంది 'బ్యావ్‌మింగ్' వాడతారు. అది 'చూపిస్తున్నాయి' అన్నంత గట్టిది. ఆధారం పలచగా ఉంటే 'థీషీ' నయం.

పదాల్లో ఒకటి గుర్తుంచుకోండి: కరువు ఒత్తిడికి 'యాలీ' రాయకండి, అది ఎక్కువగా మనిషి మనసు మీది ఒత్తిడికి, భౌతిక పీడనానికి వాడే మాట. మొక్కలకు 'శ్యేఫో'. అనుమానం వస్తే చైనా పరిశోధన పత్రాలు దొరికే సీఎన్‌కేఐ వెబ్‌సైట్‌లో వేరుశనగ పేపర్లు తెరవండి. చాలావాటికి రెండు భాషల్లోనూ అబ్‌స్ట్రాక్ట్ ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.