టైమ్‌కి లేచి వెళ్లిపోవడం చూసి తీర్పు చెప్పకండి

“మా టీమ్‌లో ఒకరు ఈ మధ్య చెప్పినంతే చేసి, టైమ్ కాగానే లాగౌట్ అయిపోతున్నారు. దీన్నే క్వైట్ క్విట్టింగ్ అంటారా? పని మీద మనసు పోయిందా, నా మేనేజ్‌మెంట్‌లో లోపమా, లేక తన హద్దులు తను పెట్టుకున్నారా? ఎలా తెలుస్తుంది?”

నేను ఆరుగురున్న సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్‌గా ఉన్నప్పుడు ఇదే ప్రశ్న నన్నూ పట్టుకుంది. మా టెస్టర్ ఒకావిడ అప్పటిదాకా రాత్రి మెసేజ్ పెట్టినా జవాబిచ్చేవారు. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. ఆసక్తి తగ్గిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. అప్పటికి 2022లో సోషల్ మీడియాలో క్వైట్ క్విట్టింగ్ అన్న మాట బాగా తిరగడంతో నా చేతికో పేరు కూడా దొరికింది.

అయితే ఆవిడతో మాట్లాడే ముందు చూపించడానికి ఏదైనా ఉండాలి కదా అని, ఆవిడ రాసిన బగ్ రిపోర్టులు మూడు నెలలవి తీసి వరసగా చదివాను. పట్టిన బగ్గుల సంఖ్య తగ్గలేదు. బగ్ మళ్లీ ఎలా తెప్పించాలో స్టెప్పులు మునుపటిలాగే శుభ్రంగా ఉన్నాయి. ఒక్కటే లేదు. ఇదివరకు ప్రతి రిపోర్టు చివర “కారణం ఫలానా చోట ఉందని నా అనుమానం” అని ఒక లైన్ ఉండేది. అది రాయమని ఎవరూ ఆవిడకి చెప్పలేదు, కానీ దానివల్ల డెవలపర్లకి వెతుకులాట చాలా తప్పేది. ఒక తేదీ తర్వాత ఆ లైన్ ఎక్కడా కనపడలేదు.

ఆ వారం ఏం జరిగిందా అని వెనక్కి వెళ్లి చూశాను. రిలీజ్‌కి ముందు మీటింగ్‌లో “పేమెంట్ భాగం ఇంకో రెండు రోజులు టెస్ట్ చేయాలి” అని ఆవిడ అన్నారు. టైమ్ లేదని నేను కొట్టిపారేశాను. రిలీజయ్యాక సరిగ్గా అక్కడే తప్పు బయటపడింది. అప్పుడు అందరి ముందు “ఇది టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు?” అని అడిగింది కూడా నేనే. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆ తర్వాత మీటింగుల్లో “ఓకే” తప్ప ఇంకో మాట రాలేదు. ఆ మౌనాన్ని నేను అంగీకారం అనుకున్నాను.

1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు ఒక సమ్మర్ క్యాంప్‌లోనూ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థలోనూ పనిచేసేవాళ్లని దగ్గరగా గమనించి ఒక విషయం చెప్పారు. మనిషి పనిలో మనసు పెట్టే ముందు మూడు సంగతులు చూసుకుంటాడట. ఈ పనికి అర్థం ఉందా, ఇక్కడ నోరు విప్పితే నాకు నష్టం ఉండదా, అందుకు నాలో శక్తి మిగిలి ఉందా. మీరడిగిన మూడింటినీ విడదీయడానికి నాకు బాగా పనికొచ్చింది ఇదే.

మా టెస్టర్‌కి పోయింది వీటిలో రెండోది, నోరు విప్పితే నష్టం ఉండదన్న నమ్మకం. పని నాణ్యత నిలబడి, అభిప్రాయాలూ అభ్యంతరాలూ మాత్రమే ఒక సంఘటన తర్వాత ఆగిపోతే ముందు మేనేజర్‌నే అనుమానించాలి. మీతో ముభావంగా ఉండే మనిషి పక్క టీమ్ వాళ్లతో మామూలుగా చర్చిస్తుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

అదే టీమ్‌లో ఇంకొకాయన కూడా టైమ్‌కే వెళ్లిపోయేవారు. కానీ పని వేళల్లో “ఈ డిజైన్ నిలబడదండీ” అని మొహం మీదే చెప్పేవారు, తన కోడ్‌లో తప్పొస్తే అడగకముందే తనే చూసుకునేవారు. అది హద్దు. దాన్ని ముట్టుకోకూడదు. ఇలాంటివాళ్లకి క్వైట్ క్విట్టింగ్ పేరు తగిలించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. జీతం తీసుకుంటున్న పని వాళ్లు పూర్తిగా చేస్తున్నారు.

నిజంగా మనసు పోయినప్పుడు అసలు పనే సడలుతుంది. ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది, ఎత్తి చూపినా ఏమీ అనిపించదు, అందరితోనూ అంతే ఉంటారు. కాకపోతే బాగా అలసిపోయిన మనిషి కూడా బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తాడు. నేను ఈ రెండింటినీ రికార్డులు చూసి ఎప్పుడూ విడదీయలేకపోయాను. కూర్చుని అడగాల్సిందే.

మా టెస్టర్‌ని “ఎందుకిలా ఉంటున్నారు?” అని అడగలేదు. “ఆ రోజు మీరు రెండు రోజులు అడిగారు, నేను వద్దన్నాను, తర్వాత నింద మీ మీద వేశాను. తప్పు నాది” అన్నాను. అదే మాట మీటింగ్‌లో అందరి ముందూ చెప్పాను. తర్వాతి రిలీజ్‌కి వద్దు అనే అధికారం ఆవిడకి ఇచ్చాం. ఆవిడ దాన్ని ఒకసారి వాడారు, మేం ఆగాం. ఆ అనుమానం లైన్ రిపోర్టుల్లో మళ్లీ కనపడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. రాత్రి మెసేజ్‌లకి జవాబులు మాత్రం తిరిగి మొదలవ్వలేదు. నేను పంపడం మానేశాను.

మీరూ మీ టీమ్‌లోని ఆ మనిషి పాత పని మూడు నెలలది తీసి చదవండి. ఏం ఆగింది, ఏ తేదీ నుంచి ఆగింది అన్నది చూడండి. తేదీ దొరికితే ఆ వారం మీరు పంపిన మెయిల్స్ కూడా తెరవండి.